గంజి వంపే చేతులు

ఆమె పంపిన ఫొటోల్ల ఒక్క దాంట్ల గూడ చెయ్యి లేదు. నాకు అనుమానం అక్కడనే మొదలైంది.

జగిత్యాల టవర్ కాడికెళ్లి కొంచెం లోపలికి వస్తే మా స్టూడియో ఉంటది. మాది అంటున్న గని అసలు అది భాయ్‌ది. పెండ్లి ఫొటోలు తీసుకుంటనే తల నెరిసిన మనిషి. నేను ఆయన దగ్గర ఆల్బంలు డిజైన్ చేసుటానికి చేరిన, తర్వాత ఇద్దరం కలిసి నడుపుకుంటున్నం. ఇప్పుడు పెండ్లిళ్ల కంటె దుకాణాల యాడ్లే ఎక్కువ. టిఫిన్ డబ్బలు, మిక్సీలు, గోరింటాకు కోన్లు, ఏదైనా సరే, చేత్తోటి పట్టుకొని వాడి చూపియ్యాలె. మనిషిని పెట్టి, లైట్లు పెట్టి షూటింగ్ చేసే తీరిక ఎవ్వలకు లేదు. నేను కంప్యూటర్ల మాటలు రాస్త, ఏఐ బొమ్మ చేసిస్తది, ఆ బొమ్మను వీడియో చేస్తది. ఆ రాసే మాటలనే ప్రాంప్ట్ అంటం.

మొఖాలు అది మంచిగనే చేస్తది. చీరెలు, వంటిండ్లు, కిటికిల నుంచి పడే ఎండ, అన్ని మంచిగనే చేస్తది. చేతుల కాడికి వచ్చేసరికే దాని సంగతి బయట పడ్తది. ఒక వేలు ఎక్కువైతది, రెండు వేళ్లు అతుక్కపోతయి, పట్టుకున్న వస్తువు అరచెయ్యిలకు దిగిపోతది. ఇప్పుడు మునుపటంత అధ్వాన్నం కాదు. గని చెయ్యి ఊరికె ఉన్నప్పుడు ఒక తీరు, ఒక వస్తువును పట్టుకొని తిప్పుతున్నప్పుడు ఒక తీరు. నమ్ముటానికి లేదు.

కోరుట్లల స్టీలు సామాన్ల దుకాణం నడిపే అక్క మా దగ్గరికి ఎండకాలం వచ్చింది. దుకాణం మొగనిదే అయినా బేరం మొత్తం ఆమెనే చూసుకుంటదని ఆమె మాటల్లనే తెలిసింది. గంజి వంపుటానికి ఒక మూత తయారు చేయించింది. ఒక దిక్కు బొక్కలు ఉంటయి. రెండు పక్కల కొక్కేల తీరు కొండ్లు ఉంటయి, అవి అన్నం వండే గంజు అంచుకు పట్టుకుంటయి. గంజు వంచితే గంజి పోతది, అన్నం ఆగుతది. ఆలోచన ఆమెదే, చేసింది వేరే ఊరి పనాయన.

"ఒంటి చేత్తోటి వంపాలె చెల్లే," అన్నది. "ఇంకో చెయ్యిల ఫోన్ మాట్లాడుకుంట ఉండాలె. గట్లైతేనే చూసెటోళ్లకు ఎక్కుతది."

"మూత తెచ్చిన్రా అక్కా? ఒకసారి పట్టుకొని చూస్త."

"ఫొటోలు పంపిస్త. చాలవా?"

అంత ఎండల పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కున్నది. చాయ గ్లాసు ఎడమ చేత్తోటే అందుకున్నది. అప్పుడు నేను ఏమనుకోలేదు. ఫొటోలు వచ్చినంక అనుకున్న. తెల్ల చార్టు మీద మూత. పై నుంచి, కింది నుంచి, పక్క నుంచి. దుకాణపోళ్లు పంపే ఫొటోల్ల ఎక్కడో ఒక కాడ వాళ్ల వేళ్లు పడ్తనే ఉంటయి. వస్తువును నిలబెట్టుటానికన్న ఒక చెయ్యి పడ్తది. ఈ మూతను మటుకు ఎవ్వలు ముట్టుకోనట్టే ఉన్నది.

సరే అని పనిల పడ్డ. మొదాలు మామూలుగ రాసి చూసిన: ఒకామె వంటింట్ల ఈ మూత వాడుకుంట గంజి వంపుతున్నది, ఇంకో చేతిల ఫోన్ ఉన్నది. వచ్చిన దాంట్ల మూడో చెయ్యి ఉన్నది, గంజు వెనుక నుంచి. ఇంకో దాంట్ల బొటనవేలు అవతలి పక్కన మొలిచింది. భాయ్ చాయ తాగుకుంట నా వెనుక నిలబడి చూసిండు.

"ఈ చెయ్యి ఎవలది?"

"ఎవలది కాదు భాయ్."

"గందుకే గిట్లున్నది."

వాడుతున్నది, చూపిస్తున్నది అనే మాటలు పనికి రావు. వాడుడంటే వేళ్లు ఏం చేయాల్నో దానికి తెల్వది. చెయ్యి ఎన్ని, ఎటు నుంచి వస్తది, ఏ వేలు ఎక్కడ ఆనుకుంటది, అది రాయాలె. కుడి చెయ్యి ఎడమ చెయ్యి అని రాస్తే ఒకోసారి తారుమారు చేస్తది, అందుకని చూసెటోళ్లకు కుడి పక్కన, ఫ్రేము కింది అంచు నుంచి అని రాస్త. ఆరు వేళ్లు వద్దు అని రాసినా లాభం లేదు. మేం వాడే దాంట్ల వద్దు అన్న మాట సరిగ ఎక్కది, ఆరు అన్న మాటనే పట్టుకుంటది. కావాల్సిందే చెప్పాలె: వేళ్లు ఒకదాని పక్కన ఒకటి, వదులుగ, గోర్లు కనపడేటట్టు. ఉంగరాలు తీసేసిన. లోహం మీద లోహం పడితే వేలెక్కడ ఆగుతదో దానికి అర్థం కాదు. గాజులు గూడ తీసేసిన. ఫోన్ పట్టుకున్న చెయ్యిని మొత్తం ఫ్రేము బయటికి పంపిన, అక్కకు తర్వాత చెప్పుకుందమని. వంటిల్లంత కనపడేటట్టు పెడితే చెయ్యి చిన్నగై పాడైతది, అందుకని దగ్గరికి జరిపిన. కెమెరా కదలొద్దు, ఒక వీడియోల ఒకటే పని. మూత పెట్టుడు ఒకటి, కొండి బిగించుడు ఒకటి, వంపుడు ఒకటి. ముందుగాల కదలని బొమ్మ ఒకటి మంచిగ తెచ్చుకొని, దాన్నే మొదటి ఫ్రేముగ ఇచ్చి, అక్కడికెళ్లి కొంచెమే కదిలియ్యాలె.

అన్ని రాసుకుంట వస్తే ఒక్క కాడ ఆగిపోయిన. వంపేటప్పుడు బొటనవేలు ఎక్కడ ఉంటది?

ఒక్క చేత్తోటి గంజు పిడి పట్టుకుంటే మూతను ఆపేది కొండ్లే. మరి బొటనవేలు పిడి మీదనా, మూత మీదనా? అక్కకు ఫోన్ చేసిన.

"ఎక్కడ పెడితే ఏంది చెల్లే. చూసెటానికి మంచిగ కొట్టాలె."

"మీరు వంపేటప్పుడు ఎక్కడ పెడ్తరక్కా?"

అవతలి నుంచి దుకాణంల ఎవలో గిన్నెలు పేరుస్తున్న చప్పుడు వినవడ్డది.

"నువ్వు పెట్టు ఎక్కడన్న," అని ఫోన్ పెట్టేసింది.

నేను మూత అంచు మీద పెట్టిన. నాలుగు వేళ్లు పిడి కింద, బొటనవేలు మూత మీద మెత్తగ ఒత్తుతున్నట్టు. రెండు మూడు తాపలు మాటలు మార్చినంక అద్భుతంగ వచ్చింది. గోరు మీద వెలుతురు, వేలి కీలు దగ్గర ముడతలు, అన్ని సరిగ ఉన్నయి. తెల్లటి గంజి సన్నగ ధార కడుతున్నది, పక్కకు ఆవిరి లేస్తున్నది. ఇంత మంచి చెయ్యి నేను అంతకుముందు తేలేదు. అక్కకు పంపితే వెంటనే జవాబు వచ్చింది, గిదే కావాలె అని.

భాయ్‌కి చూపించిన. ఆయన కండ్లద్దాలు పైకి జరుపుకొని చాన సేపు చూసిండు.

"చెయ్యి బాగున్నది. గని బేటా, ఈ చేతికి కాలుతలేదా?"

నేను మల్ల చూసిన. పొయ్యి మీదికెళ్లి అప్పుడే దించిన గంజు. ఉడుకుతున్న గంజి. ఉత్త చెయ్యి. బొటనవేలు సరిగ్గ ఆవిరి మీద. నేను వేళ్ల లెక్క చూసుకున్న, కీళ్లు చూసుకున్న, గోర్లు చూసుకున్న, గని ఆ స్టీలు వేడిగ ఉంటదన్నది మర్చిపోయిన. ఏఐకి ఎట్లాగు తెల్వది. చెయ్యి ఎంత నిజంగ కనపడితే ఈ సంగతి అంత కనపడకుంట పోయింది. వంకర వేళ్లున్న వీడియో అయితే చూసినోళ్లు నవ్వి వదిలిపెడ్తరు. దీన్ని చూసి వంటింట్ల గిట్లనే పట్టుకుంటరు.

ఇంకో అనుమానం గూడ నన్ను వదలలే. ఆమె మూత ఎందుకు ఇస్తలేదు?

తెల్లారి బస్సెక్కి కోరుట్ల పోయిన. చెప్పకుంటనే పోయిన. చెప్తే ఏదో ఒక సాకు చెప్తదనిపించింది.

దుకాణంల ఆమె ఒక్కతే ఉన్నది. నన్ను చూసి నవ్వింది గని కూసోమనుటానికి కొంచెం ఆలస్యమైంది. మూతలు గల్లా వెనుక అట్టపెట్టెల్ల ఉన్నయి. దుకాణం ముంగట గరిటెలు, గంజులు, చెంబులు, అన్ని వేలాడదీసి ఉన్నయి. ఈ మూత మటుకు ఒక్కటి గూడ బయట లేదు.

"ఒక్కటి ఇయ్యి అక్కా. వేళ్లు ఎక్కడ ఆనుతయో చూడాలె. అది తెల్వకుంట రాస్తే ఏఐ దానికి తోచింది చేస్తది."

"నువ్వు ఈ డిజైను ఇంకెవలికన్న చూపిస్తవేమో."

"నేనెవలికి చూపిస్త?"

"నాకేం తెలుసు. కంప్యూటర్ల పెడితే అందరికి పోతదంటరు గద. రేపు ఇంకో దుకాణంల ఇదే మూత కనపడితే నేనెవల్ని అడగాలె?"

ఆమె అనుమానం గూడ ఉత్తది కాదు. ఫొటోలు ఎక్కిస్తే అవి ఎక్కడికి పోతయో నాకే సరిగ తెల్వదు. అదే చెప్పిన. నేను అబద్ధం చెప్తలేనని అనిపించిందేమో, ఒక పెట్టె విప్పి మూత చేతికిచ్చింది. పక్కనున్న ఖాళీ గంజుకు పెట్టి కొండ్లు బిగించి, పిడి ఒక్క చేత్తోటి పట్టుకొని వంచిన. సగం వంగినంక ఒక కొండి జారింది. మూత పక్కకు తిరిగి గచ్చు మీద పడ్డది. ఆ చప్పుడుకు ఆమె భుజాలు ఎగిరిపడ్డయి. ఖాళీ గంజు, అండ్ల చుక్క నీళ్లు గూడ లేవు. అయినా రెండడుగులు వెనుకకు పోయింది.

నేను ఆమె జాకెట్టు చెయ్యి దిక్కు చూసిన. ఆమె నన్ను చూసింది. తర్వాత కుడి దిక్కు జాకెట్టు చెయ్యి పైకి జరిపింది. మణికట్టు మీదికెళ్లి మోచెయ్యి దాక తోలు ఎర్రగ, మెరుస్తున్నట్టు, కొత్తగ వచ్చి ఉన్నది.

"మూత మంచిదే చెల్లే. నేనే సరిగ పట్టుకోలే," అన్నది. "ఫోన్ మోగుతున్నదని తొందర పడ్డ."

"మల్ల వాడి చూసినవా?"

"లేదు."

"ఈ చెయ్యి ఎవలన్న చూసిన్రా?"

"మా ఆయనకు నూనె పడ్డదని చెప్పిన. ఇది చేయిస్తనంటే ముందుగాలనే వద్దన్నడు."

కోపం రావాలె. వీడియో బయటికి పోతే ఎంతమంది చేతులు కాలునో అనాలె. గని ఆ తోలు చూసినంక, గచ్చు మీద పడ్డ మూతను తీసి గల్లా మీద పెట్టిన. తర్వాత అన్న: "నేను సిరిసిల్లకు పోతున్న అక్కా, మా అమ్మ దగ్గరికి. ఆమె రోజు గంజి వంపుతది. అక్కడ చల్లటి నీళ్లతోటి చూద్దం. మూత ఇయ్యి."

"మూత ఒక్కదాన్ని పంప. నేను గూడ వస్త," అన్నది.

నన్ను నమ్మక వస్తున్నదో, నిజం చూడాలని వస్తున్నదో నాకు అర్థం కాలే. ఇద్దరం జగిత్యాలకు వస్తే భాయ్ గూడ కెమెరా సంచి భుజానికేసుకొని తయారైండు. ముగ్గురం వేములవాడ మీదుగ పోయినం. బస్సుల ఆమె మూత సంచిని ఒళ్లెనే పెట్టుకున్నది.

మా ఇంటి పక్కన బట్టలు నేసే సాంచెలు నడుస్తనే ఉంటయి. గట్టిగ మాట్లాడితే గని వినవడది. అమ్మ మూతను అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. అమ్మ కుడి చెయ్యి చిటికెన వేలు లోపలికి వంకరగ ఉంటది. చిన్నప్పుడు నూలు కండెలు చుట్టే కాడ దెబ్బ తగిలి అట్లనే నిలబడ్డది. ఆ చేత్తోటే కొండి నొక్కి చూసి, అక్కను అడిగింది.

"బిడ్డా, నీ ఇంట్ల గంజు అంచు పలుచగుంటదా?"

"పలుచగనే ఉంటది."

"మాది మడిచిన అంచు. లావుగుంటది."

చల్లటి నీళ్లు పోసి చూసినం. అమ్మ గంజు అంచు లావు, కొండి సగమే పట్టింది. ఒక్క చేత్తోటి వంచితే మూత తిరిగిపోయి నీళ్లు ఆమె కాళ్ల మీద పడ్డయి. అక్క కండ్లు మూసుకున్నది. పక్కింట్ల పలుచటి గంజు అడిగి తెచ్చి చూసినం. కొంచెం నయం, గని పూర తిప్పేసరికి అదీ జారింది. నీళ్ల బరువు మొత్తం ఒక్క దిక్కు వస్తది, ఒక్క పిడి పట్టుకుంటే అవతలి దిక్కు కొండికి ఆసరా ఉండది. తర్వాత అమ్మ రెండు మసిబట్టలు తీసుకొని రెండు పిడులు పట్టుకున్నది. నాలుగు వేళ్లు పిడుల కింద, రెండు బొటనవేళ్లు బట్ట మీదికెళ్లి మూతను ఒత్తుతున్నయి. బొక్కలు తన దిక్కు కాకుంట అవతలి దిక్కు. మెల్లగ వంచింది. మూత కదల్లే. రెండు గంజులకు అట్లనే ఆగింది.

"రెండు చేతులతోటైతే మూత ఎందుకు, మామూలు పళ్లెం చాలదా అంటరు," అన్నది అక్క.

"పళ్లెమైతే అన్నం జారుతది. నాకు నచ్చింది ఇది," అన్నది అమ్మ. "ఒంటి చేత్తోటి అని ఎందుకు చెప్తున్నవ్?"

అక్క జాకెట్టు చెయ్యి కిందికి జరుపుకున్నది. అమ్మ పట్టుకున్న తీరునంత భాయ్ దగ్గరగ ఫొటోలు తీసిండు.

జగిత్యాల వచ్చినంక ఆ ఫొటోలు చూసుకుంట ప్రాంప్ట్ మొత్తం కొత్తగ రాసిన. రెండు చేతులు, ఫ్రేముకు రెండు పక్కల నుంచి ఒకొక్కటి. రెండింటికి మడిచిన నూలు బట్ట. బట్ట వల్ల వేళ్లు సగం దాగుతయి, దాగిన వేళ్ల మీద తప్పులు తక్కువైతయి, పైకెళ్లి వేడి సంగతి గూడ అండ్లనే చెప్పినట్టైతది. బొటనవేళ్లు బట్ట మీదికెళ్లి మూత అంచుకు ఆని ఉన్నయని రాసిన. అక్కను అడిగి, ఒప్పుకున్నంకనే, మూత ఫొటో జత చేసిన. మూత పెట్టే ముక్క, కొండ్లు బిగించే ముక్క మంచిగ వచ్చినయి. చేతుల మీద వంక పెట్టుటానికి ఏం లేదు.

వంపే ముక్క మటుకు ఎన్ని తీర్ల రాసినా నాకు నమ్మకం కుదరలే. ఒక దాంట్ల బొక్కలు లేని దిక్కు నుంచి గంజి వచ్చింది. ఒక దాంట్ల వంచేకొద్ది కొండి మాయమైంది. ఒకటి అన్ని సరిగ వచ్చింది, అదే ఇంకా భయమనిపించింది. దానికి బరువు తెల్వది. కొండి జారే మూతతోటి గూడ అది అట్లనే నవ్వుకుంట వంపి చూపిస్తది. మాటలు సరిగ రాస్తే చెయ్యి సరిగ వస్తది గని, వస్తువు సరిగ పని చేస్తదని దాని అర్థం కాదు.

"ఆ ఒక్క ముక్క నేను తీస్త," అన్నడు భాయ్. "మీ అమ్మ చేతులే తీస్త."

అక్కకు ఫోన్ చేసి చెప్తే చాన సేపు ఇష్టపడలే. ముసలి చేతులు ఎవలు చూస్తరన్నది. ఒంటి చెయ్యి వీడియో మంచిగున్నది గద, అదే ఇయ్యరాదా అన్నది. ఇయ్యనన్న. "నా వస్తువు, నా ఇష్టం," అన్నది. ఆ వీడియో ఆమె ఫోన్ల ఉండనే ఉన్నది, నేనే పంపిన. అది పెట్టుకుంటే ఆపుటానికి నా దగ్గర ఏం లేదు. కొన్ని రోజులు పొద్దున లేవంగనే ఆమె వాట్సాప్ స్టేటస్ చూసుడే నా పనైంది. గరిటెలు పెట్టింది, దేవుని ఫొటోలు పెట్టింది. ఈ వీడియో పెట్టలే. పెట్టకపోతే ఇంకెవలకో చేయమని ఇచ్చిందేమోనని అనుమానం.

ఒకనాడు ఆమెనే స్టూడియోకి వచ్చింది. సంచిలకెళ్లి కొత్త మూత తీసి బల్ల మీద పెట్టింది. కొండ్లు పొడుగైనయి, చివర లోపలికి వంచి ఉన్నయి.

"పనాయన దగ్గరికి పోయి మార్పిచ్చిన. మా ఆయనకు గూడ చెప్పిన, చెయ్యి చూపిచ్చిన," అన్నది. "పాతవి ఎవలకు అమ్మను. గని ఇదన్న ఆగుతదో లేదో, నాకు నా చేతుల మీద నమ్మకం లేదు. మీ అమ్మతోని వంపియ్యి."

మల్ల సిరిసిల్ల పోయినం. ముందు చల్లటి నీళ్లు, తర్వాత వేడి నీళ్లు, ఆఖరికి నిజం అన్నం. భాయ్ కిటికి వెలుతుర్లనే తీసిండు. అమ్మ రెండు మసిబట్టలతోటి మెల్లగ వంపింది. అక్క దూరం నిలబడి చూసి, చివరికి తను గూడ ఒకసారి వంపింది. ఆమె పట్టుకున్నప్పుడు గూడ మూత ఆగింది.

వీడియోల మొదటి రెండు ముక్కలు ఏఐవి, కొత్త మూత ఫొటో ఇచ్చి మల్ల చేసినయి, మూడోది అమ్మది. మొదటి రెండు ఎట్ల చేసినమో కింద రాయించిన. అక్క దాన్ని ఫేస్‌బుక్‌ల గూడ పెట్టింది. మూత ఎక్కడ దొరుకుతదని కొంతమంది అడిగిన్రు. కొందరు కింద గిట్ల రాసిన్రు: మొదటి చేతులు నిజమైనయే, ఆఖరి చేతులే ఏఐవి, చిటికెన వేలు వంకర జూడున్రి, దొరికిపోయిన్రు.

అది చదివి అక్క గాబరా పడి ఫోన్ చేసింది. నకిలీ అనుకుంటున్నరు, ఆ ముక్క తీసేద్దమా అని అడిగింది. ఉండనియ్యమన్న. ఆమె ఉండనిచ్చింది గని దుకాణం ముంగట ఒక బల్ల వేసి, గంజుల చల్లటి నీళ్లు పోసి మూత పెట్టింది. వచ్చినోళ్లను మీరే వంపి చూసుకోన్రి అంటున్నదట.

అమ్మకు ఫోన్ల చదివి వినిపించిన. సాంచెల చప్పుడుల సరిగ వినవడక రెండుసార్లు చెప్పిచ్చుకున్నది.

"నా వేలు నకిలీదన్నరా?"

"అవునమ్మా."

"మరి ముందుగాల వచ్చిన చేతులు ఎవలియి బిడ్డా? పనోళ్ల చేతుల తీరు లేవు. నాకు ఆ చేతుల మీదనే అనుమానం," అన్నది.